పొరపాటున నెలనెలా విరాళం పెట్టేశారా?

ఒకసారి ఇద్దామనుకున్న విరాళం, ఫారంలో 'ప్రతి నెలా' అన్న టిక్కు ముందే పెట్టి ఉండటంతో నాకు నెలవారీ అయిపోయింది. యాప్ తీసేస్తే ఆగదు, కార్డు మార్చినా నమ్మకం లేదు. కొత్త నంబరు దానంతటదే వాళ్లకు చేరిపోయే ఏర్పాటు చాలా కార్డులకు ఉంటుంది.

ముందు స్టేట్‌మెంట్‌లో ఆ డబ్బు ఎలా పోయిందో చూడండి. కార్డు మీద పోతే సంస్థ దగ్గరే రద్దు చేయించి, ఈమెయిల్‌లో ధ్రువీకరణ అడగండి. ఖాతా నుంచి ఆటో డెబిట్‌గా పోతే సంస్థకు చెప్పడంతో పాటు, బ్యాంకు యాప్‌లో ఆ డెబిట్‌కు మీరిచ్చిన అనుమతిని, అంటే మ్యాండేట్‌నూ రద్దు చేయండి. సంస్థ మర్చిపోయినా బ్యాంకు దగ్గర ఆగుతుంది.

నాది ప్రతి నెలా 5న కట్ అయ్యేది. 4న రద్దు చేశాను, అయినా 5న పోయింది! అప్పటికే బ్యాంకుకు పంపేశారట. అడిగితే తిరిగి వేశారు. కాబట్టి నాలుగైదు రోజుల ముందే చేయండి.

మ్యాండేట్ 'రద్దయింది' అని చూపించే స్క్రీన్‌షాట్ దాచుకుని, తర్వాతి రెండు నెలల్లో అదే తేదీకి, దాని తర్వాతి రెండు మూడు రోజులకూ స్టేట్‌మెంట్ చూడండి. సెలవొస్తే డెబిట్ తర్వాతి పనిదినానికి జరుగుతుంది మరి.