చేతిలో పీసీ, మూడో పాఠం: పసుపు గుర్తు కింద ఏం రాసుంది?

పోయిన పాఠంలో, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌లో ఒక గేమ్ నడుస్తుందో లేదో చెప్పే గుర్తు స్టీమ్ స్టోర్ పేజీలో ఎక్కడ ఉంటుందో చూశాం. పచ్చ టిక్కు అంటే Verified, పసుపు గుర్తు అంటే Playable, డెక్‌లో సరిగా నడవదంటే Unsupported. చాలామంది అక్కడే ఆగిపోతారు. నేనూ ఒకసారి అలాగే ఆగిపోయి పసుపు గుర్తున్న ఒక స్ట్రాటజీ గేమ్ కొనేశాను. ఏడంగుళాల తెర మీద అక్షరాలు చీమల్లా కనిపించాయి. ఆ మాట పేజీలోనే ఉంది, నేనే చదవలేదు.

గుర్తు పక్కన Learn More నొక్కండి. పసుపు ఎందుకిచ్చారో అక్కడ వరసగా ఉంటుంది. టెక్స్ట్ చిన్నదనా, కీబోర్డు మనమే పిలుచుకోవాలనా, గేమ్‌కి ముందు తెరుచుకునే లాంచర్ కిటికీలో వేలితో తట్టాలనా? కీబోర్డు గొడవ చిన్నదే, డెక్‌లో STEAM + X నొక్కితే వస్తుంది. చిన్న అక్షరాలు మాత్రం రోజూ వేధిస్తాయి.

మొన్న ఎంవీపీ కాలనీలో మా మేనల్లుడు డెక్ పట్టుకొచ్చి, "మావయ్యా, జీటీఏ ఫైవ్ కొనేద్దామా? కంట్రోలర్ సపోర్ట్ ఫుల్ అని ఉంది" అన్నాడు. నిజమే. కానీ కంట్రోలర్ పని చేయడం వేరు, గేమ్ నడవడం వేరు.

"ఏం ఆడతావురా, కథా, ఆన్‌లైనా?"

"ఆన్‌లైన్. ఫ్రెండ్సందరూ అందులోనే ఉన్నారు."

అక్కడే చిక్కు. 2024 సెప్టెంబరులో ఆ గేమ్ ఆన్‌లైన్ భాగానికి బాటిల్‌ఐ అనే యాంటీ చీట్, అంటే మోసం చేసి ఆడేవాళ్లను పట్టే ప్రోగ్రామ్, పెట్టారు. డెక్‌లో విండోస్ గేమ్‌లను నడిపించేది ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్. బాటిల్‌ఐ దాని మీద నడవగలదు, కాకపోతే గేమ్ చేసినవాళ్లు అనుమతించాలి. వాళ్లు అనుమతించలేదు. దాంతో డెక్‌లో కథ ఆడుకోవచ్చు గానీ ఆన్‌లైన్‌లోకి రానివ్వలేదు.

అందుకే ప్రోటాన్‌డీబీ సైటులో గేమ్ పేరు వెతికినప్పుడు గోల్డ్, ప్లాటినం పతకాలు చూసి మురిసిపోకండి. అవి ఆడినవాళ్లు రాసిన రిపోర్టుల నుంచి వచ్చినవి. కిందికి దిగి ఒక్కో రిపోర్టు తేదీ చూడండి. ఈ గేమ్ విషయంలో ఆ సెప్టెంబరుకు ముందు "బ్రహ్మాండం" అని రాసిన మాట ఆన్‌లైన్‌కి ఇప్పుడు చెల్లదు. కథ గురించి రాశారా, ఆన్‌లైన్ గురించా అన్నదీ చూడాలి.

విండోస్ హ్యాండ్‌హెల్డ్ ఉన్నవాళ్లకి ఈ ప్రోటాన్ గొడవ లేదు. వాళ్లు స్టోర్ పేజీలోని కంట్రోలర్ సపోర్ట్ వరస మీదే కళ్లు పెట్టాలి. Partial అని ఉంటే మెనూలోనో లాంచర్‌లోనో మౌసో కీబోర్డో కావాల్సి రావచ్చని అర్థం. డెక్‌కి ట్రాక్‌ప్యాడ్లున్నాయి కాబట్టి నెట్టుకొస్తాం. అవి లేని యంత్రంలో స్టిక్కుతో బాణాన్ని లాగడం విసుగు. అరకు రైల్లో ఆడాలనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: లాంచర్ ప్రతిసారీ లాగిన్ అడుగుతుందా? సొరంగాల్లో సిగ్నల్ ఉండదు మరి.

ఇన్ని చూసినా అనుమానం తీరకపోతే కొన్న రోజునే ఆడి చూడండి. కొన్న 14 రోజుల్లో, ఆట సమయం 2 గంటలు దాటకముందు అడిగితే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. లాంచర్‌తో కుస్తీ పట్టిన సమయం కూడా అందులో పడొచ్చు, గడియారం మీద కన్నేయండి.

మేనల్లుడు కొనలేదు. ఫ్రెండ్సు ఆడే ఇంకో గేమ్ పేరు చెప్పాడు. వచ్చే పాఠంలో దాన్ని మీరే పరీక్షించండి: గుర్తు, Learn More, రిపోర్టు తేదీలు, ఈ వరసలో.