మాటకు తగ్గట్టు కర్సర్ కదిలేలా ఒక్క ఎక్సెల్ ఫార్ములా షార్ట్ తీయడం ఎలా?

అంబాజీపేటలో మా బావ కొబ్బరికాయల వ్యాపారం చేస్తాడు. ఏ ఊరి నుంచి ఎన్ని కాయలు వచ్చాయో ఎక్సెల్‌లో రాసుకుంటాడు. ఊరివారీగా మొత్తం తీసే SUMIF ఫార్ములా మీద నలభై సెకన్ల షార్ట్ తీసి ఆయనకే మొదట పంపాను. చూసి ఫోన్ చేశాడు. "ఒరేయ్, బాణం చూడమంటావా, నువ్వు చెప్పేది వినమంటావా? రెండూ ఒకచోట లేవు" అన్నాడు. మళ్ళీ చూస్తే నిజమే. నోరు అయినవిల్లి దగ్గరుంటే కర్సర్ ఇంకా ఊళ్ళ వరసలో ఉంది. అదే షార్ట్‌ని మళ్ళీ తీసిన పద్ధతి ఇది.

ముందు షీట్ సంగతి. ఫోన్‌లో నిలువుగా చూస్తారు కాబట్టి పట్టికకు రెండు కాలమ్‌లే పెట్టాను. A1లో వెతకాల్సిన ఊరి పేరు, అయినవిల్లి. A3లో ఫార్ములా. A5, B5 లలో ఊరు, కాయలు అనే శీర్షికలు. కింద A6 నుంచి A11 వరకు వరసగా అయినవిల్లి, ముంగండ, అయినవిల్లి, రాజోలు, అయినవిల్లి, ముంగండ. వాటి ఎదురుగా B కాలమ్‌లో 1200, 850, 900, 600, 400, 700.

```
=SUMIF(A6:A11,A1,B6:B11)
```

జవాబు 2500 రావాలి. రికార్డింగ్‌కి ముందే ఈ మొత్తాన్ని నోటితో కూడి చూసుకోండి. మొదటిసారి నాకు 1600 వచ్చింది. మూడో పేరును 'ఐనవిల్లి' అని టైపు చేశాను. మనకు రెండూ ఒకే ఊరు, ఎక్సెల్‌కి మాత్రం రెండు వేరు పేర్లు. పేరు చివర కంటికి కనబడని స్పేస్ పడినా ఇంతే.

ఫార్ములాను పైన ఫార్ములా బార్‌లో చూపించకండి. షీట్‌ని ఎంత జూమ్ చేసినా ఆ బార్‌లో అక్షరాలు పెరగవు. A3 మీద నిలబడి F2 నొక్కితే ఫార్ములా గడిలోనే తెరుచుకుంటుంది, జూమ్‌తో పాటు పెద్దదవుతుంది. కొన్ని లాప్‌టాప్‌లలో Fn కూడా పట్టుకుని నొక్కాలి. ఇంకో లాభం, ఫార్ములాలోని ఒక్కో ముక్కకు ఒక్కో రంగు వచ్చి, అది సూచించే గడుల చుట్టూ అదే రంగు పెట్టె కనబడుతుంది. కర్సర్ చేయాల్సిన పనిలో సగం ఆ రంగులే చేస్తాయి. పట్టిక, ఫార్ములా రెండూ తెర పైభాగంలో ఉంచండి. షార్ట్ ఆడుతుంటే అడుగున టైటిల్, కుడి పక్కన లైక్ బటన్లు వచ్చి కూర్చుంటాయి.

ఇప్పుడు అసలు చిక్కు, మాట రాసుకోవడం. ఫార్ములా ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. కలపమనే SUMIF ముందు, తర్వాత ఊళ్ళు, తర్వాత పేరు, చివర కాయలు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. పైగా మామూలుగా మాట్లాడితే "అయినవిల్లి అనే పేరు ఊళ్ళలో ఎక్కడుందో" అంటాం, అంటే పేరు ముందు, ఊళ్ళు తర్వాత. అలా చెబితే కర్సర్ ఫార్ములాలో మధ్యకు దూకి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు పోవాలి. నా మొదటి షార్ట్ చెడింది ఇక్కడే. కర్సర్‌ని వాక్యం వెంట తిప్పలేం గనక వాక్యాన్నే ఫార్ములా వరసకు వంచాలి. నేను చివరికి ఇలా రాసుకున్నాను. గీత ఉన్నచోటల్లా కర్సర్ చోటు మారుతుంది.

"కింద ఊళ్ళ వరస ఉంది కదా, / అందులో, పైన రాసిన అయినవిల్లి / ఎక్కడెక్కడ ఉందో చూసి, / వాటి ఎదురుగా ఉన్న కాయలను / కలిపేస్తుంది."

మొదటి గీత దాకా కర్సర్ A6 నుంచి A11 వరకు మెల్లగా దిగుతుంది. తర్వాత A1కి ఎక్కుతుంది. "ఎక్కడెక్కడ" అన్నప్పుడు మూడు అయినవిల్లిల దగ్గరా ఒక్కోసారి ఆగుతుంది. అందుకే ఆ మాటను కాస్త సాగదీసి పలికాను. "కాయలను" దగ్గర B కాలమ్‌లోకి జరుగుతుంది. "కలిపేస్తుంది" అనగానే ఎంటర్, 2500 కనబడుతుంది. SUMIF అన్న మాటను దాని తర్వాతే పలికాను. మొదట్లోనే చెబితే కర్సర్ ఫార్ములా తలమీద ఊరికే నిలబడాల్సి వస్తుంది. మాటల్లో "ఇది, ఇక్కడ" రాకుండా చూసుకోండి. "ఊళ్ళు, కాయలు" అంటే కర్సర్ ఒక క్షణం తప్పినా చూసేవాడికి దారి తెలుస్తుంది.

రికార్డింగ్‌లో గొంతు ముందు, తెర తర్వాత. రెండూ ఒకేసారి చేస్తే చెయ్యి తడబడినప్పుడు మాట కూడా తడబడుతుంది. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ తెరిచి, "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి, గీతలున్న చోట అర సెకను ఆగుతూ చదవండి. ఫ్యాన్ ఆపడం మరచిపోవద్దు. మా ఇంట్లో కాలవగట్టు మీద పోయే ట్రాక్టర్ల కోసం రాత్రి పది దాకా కాచుకోవాల్సి వచ్చింది.

తర్వాత ఆ గొంతును ఇయర్‌ఫోన్‌లో వింటూ తెర రికార్డ్ చేయండి. నేను వాడేది ఓబీఎస్ స్టూడియో, ఉచితం. దాని సెట్టింగ్స్‌లో Video కింద కాన్వాస్ 1080x1920 పెడితే నిలువు ఫ్రేమ్ వస్తుంది. మైక్ ఆపేయండి. గొంతు "మూడు" అన్న క్షణంలో F2 నొక్కండి. రంగుపెట్టెలు ఒక్కసారిగా వెలుగుతాయి. ఎడిటింగ్‌లో ఆ ఫ్రేమ్‌ని, గొంతులోని "మూడు"ని ఒకే చోటికి తెచ్చి, ముందున్నదంతా కత్తిరించేస్తే చాలు, మిగతాది దానంతటదే కలుస్తుంది.

F2 నొక్కాక క్లిక్ చేయకూడదు. చేస్తే ఫార్ములా మూసుకుపోవచ్చు, లేదా క్లిక్ చేసిన గడి పేరు అందులో దూరవచ్చు. మౌస్‌ని జరపడమే. పొరపాటున నొక్కితే Esc కొట్టి మళ్ళీ మొదలుపెట్టండి. ఇంకొకటి, ఫార్ములా అక్షరాల మీదికి వెళ్తే కర్సర్ సన్నని నిలువు గీతగా మారి కనబడకుండా పోతుంది. ఫార్ములాలోని ముక్కను చూపాలంటే దాని కింద ఖాళీగా ఉన్న నాలుగో వరసలో ఆపండి. అక్కడ తెల్ల ప్లస్ గుర్తు వస్తుంది. గడులకు లేత పసుపు వేస్తే అది ఇంకా బాగా కనబడుతుంది.

కర్సర్ మాట కంటే రవ్వంత ముందే చేరాలి, చేరి ఆగాలి. "కాయలు" విన్నాక కన్ను వెతుక్కోవడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. తర్వాత వచ్చే మాటేదో మనకు తెలుసు కాబట్టి, గీత దగ్గర ఉంచిన అర సెకను ఖాళీలోనే జరిపేయవచ్చు. చేరాక గుండ్రంగా తిప్పకండి. ఆ అలవాటు మానడానికి నాకు ఆరు టేకులు పట్టింది.

పరీక్ష రెండు రకాలు. శబ్దం తీసేసి చూడండి, కర్సర్ ఎక్కడ ఆగిందో లెక్క తెలియాలి. ఫోన్ బోర్లించి వినండి, బొమ్మ లేకపోయినా ఏది దేనితో కలుస్తుందో తెలియాలి. రెండోసారి తీసినదాన్ని బావకి పంపాను. ఈసారి ఫోన్ రాలేదు. ఆయన షీట్ ఫోటో వచ్చింది, ముంగండ ఎదురుగా సున్నా. పేరు చివర స్పేస్ ఉంది.