పిల్లలు గొణుక్కుంటూ లెక్క చేస్తుంటే టీచర్ ఏం చేయాలి?

మూడో తరగతి గదిలో తీసివేతలు జరుగుతున్నాయి. బోర్డు మీద 52 – 27 ఉంది. కిటికీ పక్కన కూర్చున్న పాప పెన్సిల్ కొనను 2 మీద ఆనించి తనలో తాను చెప్పుకుంటోంది: "రెండులో నుంచి ఏడు పోదు... ఏడులో నుంచి రెండు పోతే అయిదు. అయిదులో నుంచి రెండు పోతే మూడు." 35 అని వేసింది. రెండు బల్లల అవతల ఒక బాబు కూడా 35 అనే వేశాడు. అతని గొణుగుడు మాత్రం వేరు: "పది తెచ్చుకుంటే పన్నెండు. పన్నెండులో నుంచి ఏడు పోతే అయిదు. అయిదులో నుంచి రెండు పోతే మూడు."

నోటుపుస్తకాలు ఇంటికి తెచ్చుకుని దిద్ది ఉంటే ఇద్దరికీ ఒకే ఎర్ర గీత పడేది. ఇద్దరూ చేసింది ఒకే తప్పు అనుకునేదాన్ని. పాపకు పది తెచ్చుకోవడమే తెలియదు. అంకె "పోదు" అన్నంతవరకు వచ్చి, ఆ తర్వాత దారి లేక అంకెలను తిరగేసింది. బాబుకు పది తెచ్చుకోవడం వచ్చు. తెచ్చుకున్నాక పదుల స్థానంలో నాలుగే మిగిలిందన్న సంగతి మరిచాడు. ఇద్దరికీ చెప్పాల్సిన పాఠాలు వేరు. ఆ తేడా జవాబులో ఎక్కడా లేదు, వాళ్ల పెదవుల మీద ఉంది.

అందుకే "నోరు మూసుకుని చేయండి" అనే మాట తరగతి గదిలో నేను మానేశాను. దాని బదులు ఏం చేయవచ్చో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఆ గొణుగుడు ఏమిటో తెలుసుకోండి

చిన్నపిల్లలు ఎవరినీ ఉద్దేశించకుండా మాట్లాడుకోవడాన్ని స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే 1923లో వెలువడిన పుస్తకంలో వివరంగా వర్ణించారు. ఎదుటివారి వైపు నుంచి ఆలోచించడం ఇంకా రాని వయసులో వచ్చే మాట అని, పెరిగేకొద్దీ అదే పోతుందని ఆయన అభిప్రాయం. రష్యాలో మరో మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ దీనికి ఒప్పుకోలేదు. బొమ్మలు వేస్తున్న పిల్లల దగ్గర కావలసిన రంగు పెన్సిలో కాగితమో లేకుండా చేసి చూశారు. ఇబ్బంది ఎదురైనప్పుడు ఆ మాటలు దాదాపు రెట్టింపయ్యాయి. అంటే పిల్లలు ఆ మాటతో పని నడుపుకుంటున్నారన్నమాట. 1934లో వచ్చిన ఆయన పుస్తకం ప్రకారం ఆ మాట మాయమైపోదు, లోపలికి వెళుతుంది. పెద్దవాళ్లు బిడ్డతో అన్న మాటను బిడ్డ తనతో తాను పైకి అనుకుంటుంది. క్రమంగా అది గుసగుసగా, పెదవుల కదలికగా మారి చివరికి లోపలి మాట అవుతుంది.

సాధారణంగా నాలుగైదేళ్ల వయసులో ఈ మాట గట్టిగా వినిపిస్తుంది. బడికి వచ్చిన మొదటి ఏళ్లలో గుసగుసల్లోకి దిగుతుంది. సరిగ్గా ఆ దశలోనే మన ప్రాథమిక తరగతుల పిల్లలు ఉంటారు. ఏడు నుంచి పదేళ్ల పిల్లలకు ముందుచూపుతో ఎత్తులు వేయాల్సిన పజిల్ ఇచ్చి, అదే సమయంలో ఒక మాటను పదే పదే పైకి అంటూ ఉండమని చెప్పిన పరిశోధన ఒకటి 2010లో వెలువడింది. నోరు వేరే మాటతో నిండిపోయేసరికి పిల్లలు పజిల్‌లో వెనకబడ్డారు. పెదవులు కట్టేస్తే ఆలోచనకూ అడ్డు పడుతుందని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మొదటి అడుగు: నిశ్శబ్దం నియమాన్ని మార్చండి

ఒంటరిగా లెక్కలు చేసుకునే సమయానికి ఒక కొలత పెట్టండి: నీ మాట నీకు వినపడాలి, పక్కవాళ్లకు వినపడకూడదు. పిల్లలతో రెండుసార్లు అభ్యాసం చేయిస్తే ఈ గొంతు పట్టుబడుతుంది. గది మొత్తం గోలగా ఉన్నా ఈ పద్ధతి సాగదు. చుట్టూ పెద్ద శబ్దం ఉన్నప్పుడు పిల్లల సొంత మాట తగ్గిపోతుందని వైగాట్‌స్కీ ప్రయోగాల్లోనే తేలింది. కాబట్టి గొణుగుడును కాపాడాలంటే కబుర్లను ఆపాల్సిందే.

రెండో అడుగు: వారం రోజులు వినండి

రోజుకు ఇద్దరు పిల్లలను ఎంచుకుని, ఒక్కొక్కరి దగ్గర అయిదు నిమిషాలు నిలబడండి. వాళ్ల ముఖంలోకి చూడకండి, చూస్తే మాట ఆగిపోతుంది. పక్క బల్ల మీద పుస్తకం దిద్దుతున్నట్టు ఉండి చెవి మాత్రం ఇటు పెట్టండి.

విన్న మాటను విన్నట్టే రాసుకోండి. అది పనికి సంబంధించినదా, లేక పాట, ఆట, కబురా అని పక్కన గుర్తు పెట్టండి. పెదవులు మాత్రమే కదులుతుంటే అదీ రాయండి. అన్నిటికన్నా పనికొచ్చేది ఇంకొకటుంది: మాట ఎప్పుడు వచ్చిందో గమనించడం. చిన్న పిల్లవాడు బొమ్మ గీసేశాక "ఇది ఇల్లు" అంటాడు. కొంచెం పెరిగాక గీస్తూ అంటాడు. ఇంకా పెరిగాక "ఇల్లు వేస్తాను" అని మొదలుపెడతాడు. లెక్కలోనూ ఇంతే. అంకె వేశాక "అయిదు వేశాను" అనే బిడ్డ చేసినదాన్ని చెప్పుకుంటోంది. "ముందు ఒకట్లు తీయాలి" అని మొదలుపెట్టే బిడ్డ చేయబోయేదాన్ని నిర్ణయించుకుంటోంది. మొదటి బిడ్డను రెండో చోటికి చేర్చడమే తర్వాతి అడుగు పని.

మూడో అడుగు: మాటను అందించి, మెల్లగా వెనక్కి తగ్గండి

కెనడాలో మైకెన్‌బామ్, గుడ్‌మన్ అనే పరిశోధకులు 1971లో తొందరపాటు ఎక్కువగా ఉన్న పిల్లలకు నేర్పిన పద్ధతి ఇది. అందులో అయిదు మెట్లున్నాయి. 52 – 27తోనే చూద్దాం.

మొదటి మెట్టులో నేను చేస్తాను, పిల్లలు వింటారు. బోర్డు దగ్గర నాతో నేను మాట్లాడుకుంటాను: "ఏం చేయమన్నారు? 52లో నుంచి 27 తీయమన్నారు. ముందు ఒకట్లు. రెండులో నుంచి ఏడు పోతుందా? పోదు. అయితే ఆగు. పక్కన అయిదు పదులున్నాయి, ఒక పది తెచ్చుకుంటాను. అక్కడ నాలుగు మిగిలాయి, అయిదు కొట్టేసి నాలుగు వేశాను. ఇక్కడ పదీ రెండూ పన్నెండు. పన్నెండులో నుంచి ఏడు పోతే అయిదు. ఇక పదులు. నాలుగులో నుంచి రెండు పోతే రెండు. ఇరవై అయిదు. సరిచూద్దాం, 25కి 27 కలిపితే 52. సరిపోయింది."

ఇంకో లెక్కలో కావాలనే తప్పు చేసి, పైకి దిద్దుకుంటాను: "అయ్యో, పది తెచ్చుకున్నాను గానీ అక్కడ తగ్గించలేదు. పర్వాలేదు, వెనక్కి వెళ్లి తగ్గిస్తాను." ఈ భాగాన్ని వదిలేయవద్దు. తప్పు దొరికినప్పుడు తమతో తాము ఏమనుకోవాలో పిల్లలకు ఎవరూ చెప్పరు. చాలామందికి ఆ క్షణంలో లోపల వినపడేది "నాకు రాదు" అన్న మాటే.

రెండో మెట్టులో బిడ్డ చేస్తుంది, నేను మాట అందిస్తాను. మూడో మెట్టులో చేయడమూ చెప్పుకోవడమూ బిడ్డదే. నాలుగో మెట్టులో గుసగుసగా, అయిదో మెట్టులో మనసులో. ఒక్కో మెట్టుకు ఒకట్రెండు రోజులు, రోజుకు నాలుగైదు లెక్కలు సరిపోతాయి. మొదట చెప్పిన బాబుకు ఇదంతా అక్కరలేదు. "అక్కడ నాలుగు మిగిలాయి" అన్న ఒక్క మాటను అతని వరుసలో చేర్చితే చాలు. పాపకు మాత్రం "పోదు" తర్వాత "ఆగు, పక్కన చూడు" దగ్గర నుంచి మొత్తం కావాలి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, నా వాక్యాలను వల్లె వేయించడం. ఎక్కం అప్పజెప్పినట్టు బిడ్డ గడగడా చెబుతూ చేతితో వేరే పని చేస్తుంటే ఆ మాటకు పట్టు లేదు. నోట "తెచ్చుకున్నాను" అంటున్నప్పుడు పెన్సిల్ పదుల స్థానం మీద ఉందా అని చూడండి. లేకపోతే మళ్లీ రెండో మెట్టుకు రండి. వాక్యాన్ని బిడ్డ తన మాటల్లోకి మార్చుకుంటే అడ్డు చెప్పవద్దు. ఇంగ్లీషు మీడియం తరగతిలో "ట్వెల్వ్‌లో నుంచి సెవెన్ పోతే" అని వినిపిస్తుంటుంది. అంకె బడి నుంచి, "పోతే" ఇంటి నుంచి వచ్చాయి. ఆ కలయిక మీదే ఆలోచన నడుస్తుంటే దాన్ని దిద్దాల్సిన పని లేదు.

నాలుగో అడుగు: మధ్యలో "ఎందుకు" అని అడగకండి

బిడ్డ తనకోసం చెప్పుకునే మాట వేరు, టీచరుకు వివరించే మాట వేరు. ఎరిక్సన్, సైమన్ అనే పరిశోధకులు 1980ల్లో ఈ తేడా మీద చాలా శ్రద్ధ పెట్టారు. తలలో నడుస్తున్న మాటను పైకి అనమంటే పని నెమ్మదిస్తుంది గానీ దారి పెద్దగా మారదు. కారణాలు చెప్పమంటే ఆలోచించే తీరే మారిపోతుంది. కాబట్టి లెక్క మధ్యలో బిడ్డను ఆపి "ఎందుకలా చేశావమ్మా?" అని అడిగితే, అప్పటిదాకా పట్టుకున్న దారం తెగుతుంది. లెక్క పూర్తయ్యాక అడగండి. అప్పుడు ఆ వివరణ కూడా మంచి పాఠమే.

అన్ని పనులకూ మాట సాయపడదు. జవాబు ఒక్కసారిగా మెరిసే తరహా పొడుపు లెక్కల్లో, ఆలోచనను పైకి చెబుతూ చేయమన్న పెద్దవాళ్లు తక్కువగా సాధించారని 1993 నాటి ప్రయోగాలు చూపాయి. అడుగు తర్వాత అడుగుగా నడిచే పనులకే ఈ పద్ధతి వాడండి. మౌనంగా చక్కగా చేసుకుపోయే బిడ్డ చేత బలవంతంగా మాట్లాడించకండి.

అయిదో అడుగు: ఫలితాన్ని సరిగ్గా చదవండి

ఎక్కువ గొణుక్కునే బిడ్డకు ఆ రోజు ఎక్కువ తప్పులు రావచ్చు. లెక్క కష్టంగా ఉంది కాబట్టే మాట బయటికొచ్చింది. అమెరికాలో లారా బెర్క్, ఆమె సహచరులు ప్రాథమిక పిల్లలను గణితం చేస్తుండగా గమనించారు. పనికి సంబంధించిన స్వగతం ఫలం అదే రోజు మార్కుల కన్నా తర్వాతి ఏడాది ఎదుగుదలలో ఎక్కువగా కనిపించింది.

మాట లోపలికి వెళుతోందనడానికి గుర్తు గొంతు తగ్గడమొక్కటే కాదు, వాక్యం కుదించుకుపోవడం కూడా. "రెండులో నుంచి ఏడు పోదు, పక్క నుంచి పది తెచ్చుకుంటాను" అన్నది కొన్నాళ్లకు "పోదు... తెచ్చుకో... నాలుగు" అవుతుంది. లెక్క కష్టమైతే పూర్తి వాక్యం మళ్లీ పైకొస్తుంది. దాన్ని వెనకబాటుగా తీసుకోవద్దు. తొమ్మిది, పదేళ్లు వచ్చినా పైకి చెప్పుకునే పిల్లలు ఉంటారు, ఏకాగ్రత నిలవడం కష్టమైనవారిలో ఇది ఎక్కువ. వాళ్లకు పరీక్షలో గోడ వైపు బల్ల ఇస్తే సరిపోతుంది.

కిటికీ పక్క పాప రెండు వారాల్లో రెండంకెల తీసివేతలు పెదవి కదపకుండా చేయసాగింది. అప్పుడు 403 – 158 ఇచ్చాను. గొంతు తిరిగొచ్చింది: "మూడులో నుంచి ఎనిమిది పోదు. పక్కన చూడు. పక్కన సున్నా ఉంది. సున్నా దగ్గర ఏం తెచ్చుకుంటాను?" పెన్సిల్ ఆగింది. నా వైపు చూసింది. నేను బోర్డు తుడుస్తూ ఉండిపోయాను. కాసేపటికి వెనక నుంచి మళ్లీ వినిపించింది: "దాని పక్కన నాలుగు వందలున్నాయి కదా."