లేయర్ షెడ్డులో గుడ్లు ఒక్కసారిగా తగ్గితే: కారణం వెతికే వరుస

లేయర్ కోళ్లు గుడ్లు తగ్గించగానే చాలా షెడ్లలో మొదట జరిగే పని నీళ్ల ట్యాంకులో ఏదో ఒక మందు కలపడం. కారణం తెలియకుండా కలిపిన మందు రోగం లేని కోడికి పనికిరాదు. పైగా ఆ మందు అవశేషం గుడ్డులోకి చేరుతుంది, అసలు కారణం వెతకాల్సిన నాలుగు రోజులూ గడిచిపోతాయి. తగ్గుదల ఎక్కడ మొదలైంది, ఎప్పుడు మొదలైంది, ఎలాంటి గుడ్లు వస్తున్నాయి అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే కారణం చాలావరకు తేలిపోతుంది.

ముందు తేల్చుకోవలసింది: గుడ్లు నిజంగా తగ్గాయా?

గరిష్ఠ స్థాయి దాటిన మంద వారానికి అర శాతం అటూఇటూగా మెల్లగా తగ్గడం సహజం. రెండు మూడు రోజుల్లోనే రెండు మూడు శాతం పడిపోతే అది వెతకాల్సిన తగ్గుదల. అయితే లెక్క సరిగా ఉందో లేదో ముందు చూడాలి. చనిపోయిన కోళ్లను మొత్తం సంఖ్యలోంచి తీసేయకపోతే శాతం తక్కువగా కనిపిస్తుంది. సాయంత్రం ఏరాల్సిన గుడ్లను మర్నాడు ఏరితే ఒక రోజు తగ్గి, మరుసటి రోజు పెరిగినట్టు వస్తుంది. రెండు రోజుల సగటు తీస్తే ఈ తేడా బయటపడుతుంది.

లెక్కలోకి రాకుండా పోయే గుడ్లు ఇంకో రకం ఉన్నాయి. పెంకు లేని తోలు గుడ్లు కేజ్ తీగల సందులోంచి జారి కింద పెంటలో పడతాయి. తెల్లవారుజామున, గుడ్లు ఏరక ముందే టార్చిలైటు పట్టుకుని ప్రతి వరుస కింద చూడండి. పెంట మీద పసుపు మరకలు, ముడుచుకుపోయిన పలుచని పొరలు కనిపిస్తే కోడి గుడ్డు తయారు చేస్తూనే ఉంది, పెంకు మాత్రం పట్టడం లేదు. అప్పుడు వెతకాల్సింది కాల్షియం, ఎండ వేడి లేదా గుడ్డు సంచిని దెబ్బతీసే వ్యాధి.

తగ్గుదల కొన్ని వరుసల్లోనే ఉంటే: నీళ్లు

ఇది అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది, తరచూ చివరికి గుర్తొచ్చేది కూడా. కోడి రోజుకు 110 గ్రాముల దాణా తింటే అందుకు రెట్టింపు నీళ్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఒక్క రోజు నీళ్లు పూర్తిగా ఆగినా గుడ్లు బాగా పడిపోతాయి, మళ్లీ కోలుకోవడానికి వారాలు పడుతుంది. రోజున్నర ఆగితే మంద ఈకలు రాల్చే దశలోకే వెళ్లిపోవచ్చు.

లెక్క కోసం ఒక షెడ్డును ఊహించుకుందాం. ఐదు వరుసలు, వరుసకు 2,000 కోళ్లు, వయసు 38 వారాలు. రోజుకు 9,400 గుడ్లు వచ్చేవి. నాలుగో రోజుకు 8,880 అయ్యాయి. మొత్తం మీద చూస్తే ఐదు శాతం తగ్గుదల, షెడ్డంతా ఏదో జబ్బు పడినట్టు అనిపిస్తుంది. కానీ వరుసలవారీగా లెక్కిస్తే నాలుగు వరుసల్లో 1,880 చొప్పున ఎప్పటిలాగే వస్తున్నాయి. ఐదో వరుసలో 1,360 మాత్రమే. ఆ వరుసను మధ్యకు విడగొట్టి లెక్కిస్తే ట్యాంకు వైపు సగంలో 930, చివరి సగంలో 430. చివరి సగంలో దాణా తొట్టెలో మేత మిగిలిపోయి ఉంటుంది, ఎందుకంటే నీళ్లు చాలని కోడి దాణా తినదు. వ్యాధి ఇలా వరుస మధ్యలో గీత గీసినట్టు ఆగదు. పైపు మాత్రమే అలా ఆగుతుంది.

తేల్చుకునే పద్ధతి సులువు. కొలత గీతలున్న సీసాను నిపుల్ కింద పట్టి, పిన్నును ఒక నిమిషం నొక్కి ఉంచి, ఎన్ని నీళ్లు పడ్డాయో చూడండి. ట్యాంకు పక్క నిపుల్, మధ్య నిపుల్, చిట్టచివరి నిపుల్, మూడు చోట్లా కొలవాలి. నిమిషానికి కనీసం 60 మిల్లీలీటర్లు రావాలి. చివర 15 మాత్రమే వస్తే కారణం దొరికినట్టే. నిపుల్ తడిగా ఉందా అని వేలితో తాకి చూడటం చాలదు, తడిగా ఉన్న నిపుల్ కూడా దాహం తీర్చలేకపోవచ్చు.

పైపు ఎందుకు పూడుకుపోతుంది? విటమిన్లు, లివర్ టానిక్కు, బెల్లం నీళ్లు ఇచ్చిన తర్వాత పైపు కడగకపోతే లోపలి గోడలకు జిగురు పొర పడుతుంది. బోరు నీళ్లలో ఇనుము, సున్నం ఎక్కువగా ఉన్న చోట ఆ జిగురుకు మట్టిలాంటి పదార్థం అంటుకుంటుంది. అది మెల్లగా జారి చివరకు చేరుతుంది. అందుకే దెబ్బ ముందు తగిలేది చివరి కేజ్‌లకు.

పరిష్కారం కోసం పైపు చివరి మూత తీసి, నీళ్లు తేటగా వచ్చే వరకు బలంగా వదలాలి. అప్పటికీ నిపుల్ సరిగా రాకపోతే ఆ నిపుళ్లను విప్పి కడగాలి లేదా మార్చాలి. పైపులు శుభ్రం చేసే రసాయనం వాడితే దీపాలు ఆర్పిన తర్వాత, డబ్బా మీద రాసిన మోతాదులోనే నింపి, తెల్లవారి దీపాలు వేయకముందే పూర్తిగా వదిలేయాలి. రోజువారీ క్లోరిన్ కలిపేవారు చివరి నిపుల్ నీళ్లలో లీటరుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు ఉందో లేదో చూసుకోవాలి. ట్యాంకులో కొలిచిన లెక్క చివరి కోడికి వర్తించదు. నీళ్లలో టీకా ఇచ్చే రోజున మాత్రం క్లోరిన్ ఉండకూడదు.

షెడ్డంతా ఒకేసారి తగ్గితే: దాణా, ఆ తర్వాత వెలుతురు

నీళ్లు బాగానే ఉన్నాయని కొలత చెబితే దాణా రిజిస్టరు తీయండి. తగ్గుదల మొదలైన తేదీకి రెండు నుంచి ఐదు రోజుల ముందు ఏం మారింది? కొత్త మొక్కజొన్న లోడు వచ్చిందా, సోయా చెక్క మారిందా, మిక్సింగ్ చేసే మనిషి మారాడా?

ఎక్కువగా తప్పిపోయేది ఉప్పు. టన్ను దాణాలో సుమారు మూడు కిలోలు పడుతుంది కాబట్టి మరిచిపోయినా కుప్పను చూస్తే తెలియదు. సోడియం అందని కోళ్లు నాలుగైదు రోజుల్లోనే దాణా తగ్గిస్తాయి, గుడ్లు వేగంగా పడిపోతాయి, ఒకదాని ఈకలు ఒకటి పొడుచుకుంటాయి. పరీక్షకు పంపేలోపు చేయగలిగినది ఒకటుంది. గోదాములో ఉప్పు బస్తాలు లెక్కపెట్టండి. ఆ వారం ఎన్ని టన్నులు కలిపారో దాని ప్రకారం ఎన్ని కిలోలు ఖర్చయి ఉండాలో లెక్కవేయండి. 20 టన్నులు కలిపి 50 కిలోల బస్తా ఒక్కటి కూడా విప్పకపోతే ఇక వెతకనక్కర్లేదు. సరైన మోతాదుతో కొత్త దాణా పెట్టండి. పోయినదాన్ని పూడ్చాలని రెట్టింపు వేయవద్దు, ఉప్పు ఎక్కువైతే పెంట నీళ్లలా మారి ఇంకో సమస్య వస్తుంది. ఎండు చేప వాడేవారు అందులోని ఉప్పును కూడా లెక్కలో వేయాలి.

మొక్కజొన్న మారిన తర్వాత తగ్గుదల వస్తే కొన్ని కోళ్ల నోరు తెరిచి చూడండి. ముక్కు అంచుల్లో, నాలుక మీద పసుపుపచ్చ పొక్కులు, పుండ్లు ఉంటే టీ-2 అనే బూజు విషాన్ని అనుమానించాలి. బూజు విషాలను పట్టుకునే మట్టి పొడులు అఫ్లాటాక్సిన్ మీద బాగా పనిచేస్తాయి, టీ-2 మీద అంతగా పనిచేయవు. కాబట్టి పొడి కలిపి అదే మొక్కజొన్న పెట్టడం కాదు, ఆ లోడునే ఆపాలి. ప్రతి మిక్సింగ్ నుంచి అర కిలో దాణా తేదీ రాసిన సంచిలో దాచే అలవాటు ఉంటే ప్రయోగశాలకు పంపడానికి అసలైన నమూనా చేతిలో ఉంటుంది.

వెలుతురు సంగతి చిన్నదిగా కనిపించినా దాని దెబ్బ పెద్దది. గుడ్లు పెట్టే కోడికి పగలు, దీపాలు కలిపి 16 గంటల వెలుతురు కావాలి. బ్యాటరీ లేని తిరిగే టైమర్ కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోతుంది. రోజుకు రెండు గంటల కోత ఉంటే మూడు రోజుల్లో ఆరు గంటలు వెనకబడుతుంది. తెల్లవారుజామున 4 గంటలకు వెలగాల్సిన దీపాలు ఉదయం 10కి వెలుగుతాయి. అప్పటికే ఎండ ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించరు, కోడికి మాత్రం వెలుతురు 12, 13 గంటలకు పడిపోతుంది. కొద్ది రోజులకు గుడ్లు తగ్గి, కేజ్‌ల కింద ఈకలు కనిపిస్తాయి. టైమర్ ముల్లును చేతి గడియారంతో సరిచూడండి, వీలైతే బ్యాటరీ ఉన్నది పెట్టండి.

గుడ్డు రూపం మారితే, లేదా కోళ్లలో శబ్దం వస్తే: వ్యాధి

నీళ్లు, దాణా, వెలుతురు మూడూ సరిగా ఉంటే వ్యాధి వైపు చూడాలి. రాత్రి దీపాలు ఆర్పాక పది నిమిషాలు షెడ్డులో కదలకుండా నిలబడి వినండి. ఫ్యాన్లు ఆపితే గురక, దగ్గు, తుమ్ములు స్పష్టంగా వినిపిస్తాయి. పగటి గోలలో అవి తెలియవు.

తర్వాత పది ఇరవై గుడ్లు తెల్లని పళ్లెంలో పగలగొట్టండి. పెంకు ముడతలు పడి, తెల్లసొన నీళ్లలా పారిపోతుంటే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్‌ను ముందుగా అనుమానించాలి. కోళ్లు చూడటానికి ఆరోగ్యంగానే ఉండి, దాణా కూడా దాదాపు మామూలుగానే తింటూ, తోలు గుడ్లు, పలుచని పెంకు గుడ్లు ఎక్కువైతే, ముఖ్యంగా గరిష్ఠ ఉత్పత్తి వయసులో, ఎగ్ డ్రాప్ సిండ్రోమ్ కావచ్చు. దాని టీకా గుడ్లు మొదలుకాక ముందే, సుమారు 14 నుంచి 16 వారాల వయసులో వేస్తారు. తగ్గిన తర్వాత వేస్తే ఆ బ్యాచ్‌కు ఉపయోగం లేదు. టీకాలు వేసిన మందలో కొక్కెర తెగులు వచ్చినా మరణాలు తక్కువగా ఉండి గుడ్లు మాత్రమే పడిపోవచ్చు, ఆకుపచ్చ పెంట దానికి ఒక గుర్తు.

ఈ వ్యాధులను కంటితో ఖాయం చేయలేరు. పది పదిహేను కోళ్ల నుంచి ఇప్పుడు రక్త నమూనా, మళ్లీ రెండు మూడు వారాలకు ఇంకో నమూనా తీయించాలి. రెండో దానిలో ప్రతిరక్షకాలు బాగా పెరిగితేనే ఆ వ్యాధి సోకినట్టు. ఒక్క నమూనాలో ఎక్కువ కనిపిస్తే అది పాత టీకా వల్ల కూడా కావచ్చు. అప్పుడే చనిపోయిన కోళ్లను ఆలస్యం చేయకుండా జిల్లాలోని వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు గానీ, పశువైద్య కళాశాలకు గానీ చేర్చండి. ఉబ్బి కుళ్లిన కోడిలో ఏమీ తెలియదు.

ఒక పరిస్థితిలో మాత్రం ఏదీ పరీక్షించుకుంటూ కూర్చోకూడదు. గుడ్లు పడిపోవడంతో పాటు రోజురోజుకూ మరణాలు రెట్టింపవుతూ, తురాయి, తమ్మెలు నీలంగా మారి ఉబ్బితే బర్డ్ ఫ్లూగా భావించాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో దీన్ని భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల నిర్ధారించింది. అలాంటప్పుడు కోళ్లను కోయవద్దు, అమ్మవద్దు, వేరే షెడ్డుకు వెళ్లవద్దు. వెంటనే స్థానిక పశువైద్యాధికారికి తెలియజేయండి. నమూనాలు వారే తీస్తారు.

సరిదిద్దిన తర్వాత ఎన్నాళ్లు చూడాలి

నీళ్లు, ఉప్పు, వెలుతురు సరిదిద్దిన రోజునే గుడ్లు పెరగవు. పచ్చసొన వేగంగా పెరిగే దశకే పది రోజులు కావాలి, ఎదుగుతున్న సొనలు కుంచించుకుపోయిన కోడి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. దాణా వినియోగం మూడు నాలుగు రోజుల్లో పూర్వస్థాయికి రావడం మంచి సూచన, గుడ్లు రెండు మూడు వారాల్లో వెనకే వస్తాయి. దాణా కూడా పెరగకపోతే దొరికిన కారణం అసలైనది కాదు, మళ్లీ మొదటి నుంచి వెతకాలి. నెల గడిచినా గుడ్డు పెట్టని కోళ్లను చేతితో గుర్తించవచ్చు. తురాయి పాలిపోయి ముడుచుకుని, తోక కింద రెండు ఎముకల మధ్య ఒక్క వేలు మాత్రమే పడుతుంటే ఆ కోడి గుడ్డు ఆపేసింది. రెండు మూడు వేళ్లు పడుతుంటే పెడుతోంది. ఆపేసినవాటిని ఏరివేసి శాతాన్ని మళ్లీ లెక్కవేయండి.