చెప్పింది ఒక కాగితం, పేస్ట్ అయింది ఇంకో కాగితం: అలాంటి మెసేజ్ వస్తే ఏం చేయాలి?

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో నేను డీటీపీ పని చేస్తాను. ఒకప్పుడు జనం కాగితం మీద రాసుకుని తెచ్చేవారు. ఇప్పుడు మేటరంతా వాట్సాప్‌లోనే వస్తోంది. ఆదివారం రాత్రి మరీ ఎక్కువ. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంటుంది కాబట్టి పొద్దున్నే అర్జీ చేతిలో ఉండాలని అందరికీ టెన్షన్. ఆ హడావిడిలో మెసేజ్‌లో ఒకటి చెప్పి, దాని కింద ఇంకొకటి పేస్ట్ చేసి పంపేస్తుంటారు.

తహసీల్దారుకు అర్జీ అని చెప్పి, కింద బంగారం లోను గురించి బ్యాంకు మేనేజరుకు రాసిన ఉత్తరం పెడితే ఇబ్బంది లేదు, చూడగానే తెలిసిపోతుంది. అసలు చిక్కు దగ్గరి పోలిక ఉన్న కాగితంతోనే. అదే విషయం, అవే పేర్లు, కానీ పాత చిత్తు ప్రతి. దాన్ని ఎలా పట్టుకోవాలో, పట్టుకున్నాక ఏం చేయాలో నా దగ్గరికి వచ్చిన ఒక అర్జీతోనే చెబుతాను.

ముందు మెసేజ్ చదవాలి, కాగితం తర్వాత

టెక్కలి వైపు నుంచి ఒకాయన రాత్రి తొమ్మిది దాటాక ఇలా పంపారు: "బాబూ, నాన్న పేరు మీదున్న పొలం మా ముగ్గురి పేర్లకీ మార్చమని తహసీల్దారు గారికి అర్జీ. మొత్తం ఎకరా 42 సెంట్లు. తప్పులు దిద్ది రెండు కాపీలు తీసి ఉంచు, పొద్దున్న వస్తాను." దాని కింద అర్జీ మొత్తం పేస్ట్ చేసి ఉంది.

చాలామంది మెసేజ్‌ను పలకరింపులా చూసేసి నేరుగా కింది మేటర్‌లోకి వెళ్లిపోతారు. అలా వెళ్తే సరిపోల్చడానికి చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి మెసేజ్‌లో ఆయన ఏయే మాటలు ఇచ్చారో ముందు పట్టుకోవాలి. ఇక్కడ నాలుగు ఉన్నాయి: ఎవరికి రాసింది (తహసీల్దారు), ఏం పని (వారసుల పేర్లకు మార్పు), ఎంతమంది (ముగ్గురు), ఎంత పొలం (ఎకరా 42 సెంట్లు). నేను వీటిని చిన్న చీటీ మీద రాసి కీబోర్డు పక్కన పెట్టుకుంటాను. అర నిమిషం పని.

తల, తోక, మధ్యలో అంకెలు

తర్వాత పేస్ట్ అయిన మేటర్‌ను మూడు చోట్ల చూడాలి. పైన ఎవరికి, ఎవరి నుంచి, ఏ తేదీ అన్నది. చివర సంతకాల చోటు. మధ్యలో అంకెలున్న ప్రతి వాక్యం. పాత ప్రతికీ కొత్త ప్రతికీ తేడా ఎక్కువగా ఈ మూడు చోట్లే ఉంటుంది. వినయపూర్వకంగా విన్నవించుకునే మాటలు ఎన్ని ప్రతులు మారినా అలాగే ఉంటాయి. మన కళ్లు వాటి మీదే జారిపోతాయి, అంతా సరిగ్గానే ఉందనిపిస్తుంది.

ఆ అర్జీలో తల సరిగ్గానే ఉంది. తండ్రి పేరు, ఊరు, మండలం అన్నీ కుదిరాయి. సంతకాల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి పేర్లే ఉన్నాయి. మధ్యలో పొలం "ఎకరా 24 సెంట్లు" అని ఉంది.

తప్పులు దిద్దమన్నారు కదా అని 24ను 42 చేసేయాలని చెయ్యి లాగుతుంది. అంకెలు తారుమారయ్యాయి అంతే అనిపిస్తుంది. మూడో పేరు కూడా అడిగి చేర్చేస్తే సరిపోతుంది అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఒక తేడా ఉంటే అది టైపింగ్ తప్పు కావచ్చు. మెసేజ్‌తో రెండు చోట్ల కుదరకపోతే మాత్రం, తప్పు ఆ రెండు మాటల్లో కాదు, కాగితమే వేరేదని అనుమానించాలి. కాగితమే వేరేదైతే మనకు కనబడని తేడాలు ఇంకా ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి మెసేజ్‌లో మనకు ఏ ఆధారమూ లేదు.

పని ఆపి, వచ్చింది ఏమిటో చెప్పాలి

"మీరు పంపింది తప్పు" అని మాత్రమే రాస్తే అవతలివారు తమ ఫోన్ చూసుకుని, మళ్లీ అదే పంపుతారు. వాళ్ల మనసులో ఉన్నది సరైన కాగితమే కాబట్టి, పంపింది కూడా అదేనని నమ్ముతారు. అందుకే మీరు అన్నది, నాకు చేరింది, రెండూ పక్కపక్కన పెట్టి చూపించాలి. నేను ఇలా రాశాను:

"అన్నయ్యా, మీరు ముగ్గురి పేర్లు, ఎకరా 42 సెంట్లు అన్నారు. నాకు వచ్చిన అర్జీలో ఇద్దరి పేర్లే ఉన్నాయి, పొలం ఎకరా 24 సెంట్లు అని ఉంది. మొదటి వాక్యం 'మా తండ్రి గారు కాలం చేసినందున' అని మొదలవుతోంది. మీరు పంపాలనుకున్నది ఇదేనా, వేరే ప్రతి ఉందా? నేను ఇంకా ఏమీ మార్చలేదు."

వచ్చినదాని మొదటి వాక్యం ఎత్తి రాయడం చాలా ఉపయోగం. దాన్ని చూసి వాళ్లు తమ దగ్గరున్న రెండు ప్రతుల్లో ఏది వెళ్లిందో గుర్తుపడతారు. నా మెసేజ్‌లోని చివరి వాక్యం కూడా అంతే ముఖ్యం. మనం సగం దిద్దేశామనుకుంటే వాళ్లు తేడాలు మాత్రమే చెప్పి ఊరుకుంటారు.

ఆయన వెంటనే ఫోన్ చేశారు. "ఏటి బాబూ, అదే కదేటి పంపీసాను!" అన్నారు. చూసుకోమన్నాను. రెండు నిమిషాల తర్వాత అసలు సంగతి తేలింది. వెళ్లింది నెల కిందటి చిత్తు. అన్నదమ్ములిద్దరూ రాసుకున్నప్పుడు చెల్లెలి పేరు అందులో లేదు. పొలం విస్తీర్ణం కూడా గుర్తున్నంతలో రాశారు. తర్వాత మీభూమిలో 1-బి తీసి చూసుకుని, చెల్లెలినీ కలుపుకుని కొత్తది రాశారు. ఆ కొత్తదాంట్లో సర్వే నంబరు సబ్‌డివిజన్ కూడా మారింది. ఈ మూడో తేడా గురించి మెసేజ్‌లో ఒక్క మాట లేదు. నేను 24ను 42 చేసి, పేరు చేర్చి ప్రింట్ ఇచ్చి ఉంటే, చూడ్డానికి చక్కగా ఉండే అర్జీ తప్పు సర్వే నంబరుతో తహసీల్దారు ఆఫీసుకు వెళ్లేది. ఏమీ చూడకుండా ఇచ్చి ఉంటే ఆ చెల్లెలి పేరే ఉండేది కాదు.

ఫోన్‌లో నోటితో చెప్పిన మార్పులతో సరిపెట్టకూడదు. సరైన ప్రతిని మళ్లీ మొత్తంగా పంపమని అడగాలి, పాతదాన్ని పక్కన పెట్టేయాలి. ఆయన కొత్తది పంపాక నా చీటీలోని నాలుగు మాటలతో మళ్లీ సరిచూశాను. ముగ్గురూ ఉన్నారు, 42 ఉంది.

తప్పు కాగితంలా కనిపించే సరైన కాగితం

ఇది తెలుగులో పనిచేసేవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే సంగతి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేసిన మేటర్‌ను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే, తెలుగు పోయి అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. అక్కడ తప్పు డాక్యుమెంట్ రాలేదు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు కాబట్టి అవి లేని చోట అక్షరాలు అలా కనబడతాయి. ఇంకోటి పంపమంటే అదే గందరగోళం మళ్లీ వస్తుంది. పీడీఎఫ్ పంపమనండి, లేదా యూనికోడ్‌లోకి మార్చి పంపమనండి. మేటర్ సగంలో ఆగిపోయినట్టుంటే కూడా తొందరపడొద్దు. పొడవైన మెసేజ్‌ను వాట్సాప్ మడిచి చూపిస్తుంది, దాని చివర నొక్కితే మిగతాది తెరుచుకుంటుంది. నొక్కినా వాక్యం మధ్యలోనే ఆగితే, పంపినవారు సెలెక్ట్ చేసేటప్పుడు అడుగు భాగం వదిలేశారన్నమాట.

వేరేవాళ్ల కాగితం వచ్చి పడితే

ఒక్కోసారి ఇంకెవరిదో ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ వచ్చేస్తాయి. ఎవరిదో తెలుసుకోవడానికి మొత్తం చదవక్కర్లేదు. ఏ రకం కాగితమో గుర్తుపట్టేంత చూసి ఆపేయాలి. పంపినవారికి చెప్పాలి, చాట్‌లో తీసేయాలి, ఫైల్ మేనేజర్‌లో `WhatsApp Documents` ఫోల్డర్‌లో కాపీ మిగిలి ఉందేమో చూసి అక్కడా తీసేయాలి. షాపు కంప్యూటర్‌లోకి దింపి ఉంటే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా చూడాలి. పంపినవారు తమ వైపు నుంచి అందరికీ డిలీట్ చేయొచ్చు. దానికి వాట్సాప్ రెండు రోజులకు పైనే గడువు ఇస్తుంది, కానీ ఈలోపు చూసినవాళ్లు చూసేసినట్టే.

పంపేవాళ్లు చేయాల్సింది

కాపీ చేశామనుకున్నది కాపీ కాకపోవడమే చాలాసార్లు కారణం. ఫోన్‌లో మేటర్ సెలెక్ట్ చేసి, కాపీ మీద వేలు సరిగ్గా పడకపోతే ఏ హెచ్చరికా రాదు. పేస్ట్ నొక్కితే అంతకు ముందు కాపీ చేసింది వచ్చి పడుతుంది. టెక్కలి ఆయనకు జరిగింది అదే. ఆ సాయంత్రం పాత చిత్తును తమ్ముడికి పంపడానికి కాపీ చేశారు, అది ఫోన్‌లో అలాగే ఉండిపోయింది.

కంప్యూటర్‌లో అయితే విండోస్ 10, 11లో `Win + V` నొక్కండి. మొదటిసారి ఆన్ చేయమని అడుగుతుంది. ఆ తర్వాత నుంచి ఇటీవల కాపీ చేసినవి 25 దాకా జాబితాగా కనబడతాయి, కావాల్సింది చూసి ఎంచుకోవచ్చు.

ఫైలుగా పంపేటప్పుడు పేరు చూడండి. `DOC-20250309-WA0004` లాంటి పేరు లోపల ఏముందో చెప్పదు. అందులోని తేదీ కూడా ఆ ఫైలు వాట్సాప్‌లో వచ్చిన రోజుదే, కాగితం రాసిన రోజుది కాదు. తాజా ప్రతి అనుకుని ఆ తేదీని నమ్మి పాతది పంపినవాళ్లు నాకు చాలామంది తెలుసు. పంపే ముందు "అర్జీ ముగ్గురి పేర్లతో మార్చి 9" అని పేరు మార్చి పంపితే, మెసేజ్‌లో ఏం చెప్పడం మరిచిపోయినా ఆ పేరే చెబుతుంది.

పంపాక మీ చాట్‌లో వెళ్లినదాన్ని మీరే ఒకసారి తెరవండి. నోట్స్‌లో ఉన్న మీ ప్రతిని కాదు, చాట్‌లో వెళ్లినదాన్ని. చివర సంతకాల చోటు దాకా దించి, పేర్లు లెక్కపెట్టండి.