ఇంట్లో పాట రికార్డింగ్ – 4వ పాఠం: చెవుల్లో గొంతు లేటుగా వస్తుంటే

పోయిన పాఠంలో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో ట్రాక్ మీది మానిటరింగ్ బటన్ నొక్కమన్నాం. నల్లగొండ నుంచి నాగర్‌కర్నూల్ దాకా నొక్కినోళ్లందరిదీ ఒకటే గోస: హెడ్‌ఫోన్‌లో గొంతు వెనకపడుతోంది, డప్పు దెబ్బకు మాట అందట్లేదు. అందుకే ఈక్యూ సంగతి వచ్చేసారి.

కంప్యూటర్ మీ గొంతును వచ్చింది వచ్చినట్టు పంపదు. గొంతు తాలూకు చిన్న చిన్న కొలతలు, అంటే శాంపిళ్లు, కొన్ని పోగయ్యేదాకా ఆగి, ఒక్క కట్టగా తీసుకుంటుంది. ఆ కట్ట సైజే బఫర్. శాంపిల్ రేటు సెకనుకు 48000 ఉంటే 512 బఫర్ నిండడానికి 10.7 మిల్లీసెకండ్లు పడుతుంది. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, మొత్తం 21 దాటింది. మైకు గుచ్చే ఇంటర్‌ఫేస్, దాని డ్రైవర్ తినే టైం దీనికి అదనం. బతుకమ్మ పాటలో చప్పట్ల మీద పడాల్సిన మాట జారేది అందుకే. బఫర్ 128 చేస్తే ఆ 21 కాస్తా 5.3కు దిగుతుంది.

రీపర్‌లో Options → Preferences → Audio → Device తెరిచి, Audio system దగ్గర తక్కువ లేటుండే డ్రైవర్ ASIO పెట్టండి. ASIO Configuration నొక్కితే తెరుచుకునే ప్యానెల్‌లో బఫర్ మార్చండి. తర్వాత విండో కుడి పైమూల `128spls ~4.7/6.1ms` లాంటి రాత కనిపిస్తుంది. మొదటి అంకె లోపలికి, రెండోది బయటికి. కలిపితే 10కి అటూ ఇటూ ఉంటే పాడుకోవచ్చు.

32 దాకా దించాలని ఆశపడొద్దు. ముందు కట్ట అయిపోయేలోపు ప్రాసెసర్ తర్వాతి కట్ట అందించలేకపోతే చిటచిట మొదలవుతుంది, అది రికార్డింగులోకీ ఎక్కవచ్చు. అప్పుడు 256కు వెళ్లండి. మిక్సింగ్‌కు 1024 పెట్టుకున్నా నష్టం లేదు.

ఇక అసలు చిరాకు. బఫర్ తగ్గించినా రెండు గొంతులు వినిపిస్తున్నాయా? ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ ఆన్‌లో ఉన్నట్టే. అది కంప్యూటర్ దాకా పోకుండా మైకు నుంచి నేరుగా చెవికి పంపుతుంది, రీపర్ రెండోసారి పంపుతుంది. బఫర్ తగ్గించిన కొద్దీ రెండూ దగ్గరకొచ్చి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, గొంతు పైపులోంచి పాడినట్టు బోలుగా మారుతుంది. దాన్ని చూసి మైకు మార్చేవాళ్లున్నారు! ట్రాక్ మానిటరింగ్ బటన్ ఆపండి. ఇంకా గొంతు వినిపిస్తే అది డైరెక్టే. రెండింట్లో ఒకటే ఉంచండి. రివర్బ్ లేకుండా పాడగలిగితే డైరెక్ట్ ఉంచుకోవడమే నాకిష్టం, అప్పుడు బఫర్‌తో పనే లేదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్‌ల లేటు బఫర్‌తో పోదు. వైరుది వాడండి.

అభ్యాసం: డైరెక్ట్ ఆపి, రీపర్ మానిటరింగ్ ఉంచండి. హెడ్‌ఫోన్ ఒక కప్పును ఫోన్ మైకుకు ఆనించి, ఫోన్‌ను రికార్డింగులో పెట్టండి. పాడే మైకు పక్కనే ఫోన్ ఉంచి చిటికె వేయండి. ఫోన్ ఫైలును రీపర్‌లో తెరిచి పెద్దది చేస్తే రెండు మొనలు కనిపిస్తాయి: అసలు చిటికె, హెడ్‌ఫోన్‌లోంచి వచ్చిన చిటికె. వాటి మధ్య దూరమే మీ అసలు లేటు. 512తో ఒకసారి, 128తో ఒకసారి కొలవండి. తేడా 16 మిల్లీసెకండ్లకు దగ్గరగా రావాలి. రెండుసార్లూ ఒకే దూరం వస్తే బఫర్ మారనే లేదన్నమాట, ASIO ప్యానెల్ మళ్లీ తెరవండి.