కేలీ-హామిల్టన్‌తో ఇన్వర్స్, పెద్ద ఘాతాలు: లెక్క ఎక్కడ తప్పుతుంది?

బీటెక్ ఫస్టియర్ లెక్కల్లో సిద్ధాంతం ఒక్క లైనే, ప్రతి చతురస్ర మ్యాట్రిక్స్ తన లాక్షణిక సమీకరణాన్ని తానే తృప్తిపరుస్తుంది. చిక్కంతా వాడేటప్పుడే. ఈ మ్యాట్రిక్స్ తీసుకుందాం:

```
A = | 4  1 |
    | 2  3 |
```

ట్రేస్ 7, డిటర్మినెంట్ 10, కాబట్టి λ² − 7λ + 10 = 0. అంటే A² = 7A − 10I.

సమస్య: ఇన్వర్స్ వచ్చింది, కానీ A తో గుణిస్తే I రావట్లేదు. ఆ ఇన్వర్స్‌లో వికర్ణం మీది సంఖ్యలు సరిగానే ఉన్నాయి, పక్కవే తేడా.

కారణం: A² = 7A − 10I ని A⁻¹ తో గుణించి 10A⁻¹ = 7I − A అని రాయాల్సిన చోట I మర్చిపోయి, 7 లోంచి ప్రతి మూలకాన్నీ తీసేశారు. అలా చేస్తే 3, 6, 5, 4 వస్తాయి. వికర్ణం మీది 3, 4 నిజంగానే సరైనవి కావడంతో తప్పు కంటపడదు.

పరిష్కారం: స్థిరపదం కనబడిన ప్రతిచోటా పక్కన I ఉందో లేదో చూడండి. సరైన జవాబు ఇది:

```
A⁻¹ = (1/10) |  3  -1 |
             | -2   4 |
```

నంపైలోనూ `7 - A` రాస్తే సరిగ్గా ఇదే పొరపాటు జరుగుతుంది, `7*np.eye(2) - A` అని రాయాలి.

సమస్య: A⁵ కోసం A² = 7A − 10I ని మళ్లీ మళ్లీ పెట్టుకుంటూ పోతే మధ్యలో ఎక్కడో ఒక గుర్తు తప్పి జవాబు కొట్టుకుపోతోంది.

పరిష్కారం: ఆ దారే వదిలేయండి. λ⁵ ని λ² − 7λ + 10 తో భాగిస్తే మిగిలే శేషం aλ + b రూపంలోనే ఉంటుంది కాబట్టి A⁵ = aA + bI. ఇక భాగహారం కూడా అక్కర్లేదు, ఐగెన్ విలువలు 5, 2 లను λ స్థానంలో పెడితే చాలు: 5a + b = 3125, 2a + b = 32. తీసివేస్తే 3a = 3093, a = 1031, b = −2030.

```
A⁵ = | 2094  1031 |
     | 2062  1063 |
```

నమ్మకం కోసం ట్రేస్ చూడండి: 2094 + 1063 = 3157, అది 3125 + 32 కి సమానం. ట్రేస్ కలవకపోతే లెక్క కచ్చితంగా తప్పే, కలిసినంత మాత్రాన మొత్తం ఒప్పని మాత్రం కాదు, ఎందుకంటే పక్క మూలకాలు అందులోకి రావు.

సమస్య: ఐగెన్ విలువలు రెండూ ఒకటే, రెండు సమీకరణాలూ ఒకేలా వచ్చి a, b తేలట్లేదు.

పరిష్కారం: λⁿ = aλ + b ని λ పరంగా అవకలనం చేసి, nλⁿ⁻¹ = a ని రెండో సమీకరణంగా వాడండి. ఉదాహరణకి రెండు విలువలూ 2 అయితే, n = 10 కి a = 10 × 512 = 5120, b = 1024 − 10240 = −9216.

సమస్య: ఇన్వర్స్ కోసం భాగించబోతే కింద సున్నా.

కారణం: స్థిరపదం డిటర్మినెంటే, అది 0 అయితే ఇన్వర్స్ అసలు లేదు, ఏ పద్ధతిలో చేసినా రాదు. అయితే ఘాతాలు ఇంకా తేలికవుతాయి: 2×2 లో A² = tA మాత్రమే మిగులుతుంది (t అంటే ట్రేస్), అందుకే n ≥ 2 కి Aⁿ = tⁿ⁻¹A.